రెండుసార్లు డబ్బు కట్ అయినవారికి పంపే జవాబు: సవరించిన ప్రతి

మీరు పంపిన జవాబు చదివాను. మర్యాదగా ఉంది. కానీ డబ్బు పోయిందని కంగారు పడుతున్నవారు ఏ మాట కోసం ఎదురుచూస్తారో అది ఎక్కడా లేదు.

"ప్రియమైన వినియోగదారునికి, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ ఫిర్యాదు సంబంధిత విభాగానికి పంపబడింది. తగిన చర్య తీసుకోబడుతుంది. మీ సహనానికి ధన్యవాదాలు. దయచేసి మా సేవకు రేటింగ్ ఇవ్వండి."

ఎవరు పంపారు? ఎవరు, ఎప్పటిలోగా చర్య తీసుకుంటారు? ఇది అందుకున్న ఒకరు నిన్న తిరిగి రాశారు: "నా డబ్బు వస్తుందా, రాదా? అది చెప్పండి చాలు." ఆ ఉత్తరం నన్ను చాలాసేపు వదల్లేదు. వారికి జవాబుగానే దీన్ని తిరగరాశాను.

"నమస్కారం. మీ డబ్బు వెనక్కి వస్తుంది. 48213 నంబరు ఆర్డరుకు మంగళవారం మీరు చేసిన రెండు చెల్లింపులూ మాకు చేరాయి. మొదటిది పూర్తయినా మా పేజీ ఆ సంగతి చూపలేదు, అందుకే మీరు మళ్లీ చెల్లించవలసి వచ్చింది. పొరపాటు మాది, క్షమించండి.

రెండో మొత్తాన్ని ఈ ఉదయం 10:40కి పూర్తిగా వాపసు చేశాను. మీరు వాడిన కార్డుకే వస్తుంది. బ్యాంకును బట్టి 5 నుంచి 10 పనిదినాలు పట్టవచ్చు. మీ ఆర్డరు అలాగే ఉంది, గురువారం బయలుదేరుతుంది.

10 పనిదినాలు దాటినా డబ్బు పడకపోతే ఈ ఉత్తరానికే జవాబు రాయండి. జరిగినదంతా మళ్లీ చెప్పనక్కర్లేదు. వాపసు రిఫరెన్స్ నంబరు ఇస్తాను, దానితో మీ బ్యాంకు ఆ డబ్బు ఎక్కడుందో వెతకగలదు."

రేటింగ్ వాక్యం తీసేశాను. డబ్బు చేతికి అందకముందే మెప్పు అడగడం నాకు నచ్చలేదు.

ఇంకొకరికి పంపేటప్పుడు ఆర్డరు నంబరు, రోజులు, వాపసు సమయం మార్చండి. "పొరపాటు మాది" నుంచి "క్షమించండి" వరకు, చివరి పేరా మొత్తం అలాగే ఉంచవచ్చు. కారణం చెప్పే వాక్యం మాత్రం ప్రతిసారీ చూసి రాయండి. నెట్‌వర్క్ తెగినవారికి మన పేజీ తప్పని రాస్తే, రెండో ఉత్తరంలో మన మాట మనమే మార్చుకోవలసి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్నిసార్లు రెండో చెల్లింపు మనదాకా రానే రాదు. బ్యాంకు ఆ మొత్తాన్ని పట్టి ఉంచి, కొన్ని రోజులకు తనే వదిలేస్తుంది. కస్టమర్‌కు మాత్రం రెండు కోతలూ ఒకేలా కనిపిస్తాయి. అలాంటివారికి "వాపసు చేశాను" అని వెళ్తే అది అబద్ధం. అందుకని ముందు చెల్లింపుల జాబితా తెరిచి, రెండూ జమ అయ్యాయని కళ్లతో చూశాకే ఈ జవాబు వాడండి. పట్టి ఉంచిన మొత్తాలకు వేరే జవాబు రేపు మధ్యాహ్నానికి రాసి ఇస్తాను. అప్పటిదాకా అలాంటి ఉత్తరాలు నాకు పంపండి. పాత జవాబును ఈ సాయంత్రమే తీసేస్తున్నాను.