హక్కు విడుదల దస్తావేజు

(ప్రతిఫలంతో, సహ హక్కుదారుల మధ్య)

శ్రీ విశ్వావసు నామ సంవత్సర కార్తీక మాసంలో, అనగా 2025వ సంవత్సరం నవంబరు నెల 12వ తేదీ బుధవారం, గుంటూరు జిల్లా తెనాలిలో వ్రాయబడినది.

గుంటూరు జిల్లా తెనాలి మండలం కొలకలూరు గ్రామ కాపురస్తులు, కీర్తిశేషులు వేములపల్లి సీతారామయ్య గారి కుమారులు: (1) వేములపల్లి శివరామకృష్ణ, వయస్సు 56 సంవత్సరాలు, వ్యవసాయం, ఆధార్ చివరి అంకెలు 4417, (2) వేములపల్లి హరిబాబు, వయస్సు 47 సంవత్సరాలు, ఉద్యోగం, ప్రస్తుతం హైదరాబాదు కూకట్‌పల్లిలో నివాసం, ఆధార్ చివరి అంకెలు 9052, అను మీ ఇరువురి పేర,

గుంటూరు నగరం బ్రాడీపేట కాపురస్తురాలు, కోనేరు సత్యనారాయణ గారి భార్య, పై సీతారామయ్య గారి కుమార్తె కోనేరు విజయలక్ష్మి, వయస్సు 52 సంవత్సరాలు, గృహిణి, ఆధార్ చివరి అంకెలు 2386, అను నేను నా పూర్తి సమ్మతితో వ్రాయించి ఇచ్చిన హక్కు విడుదల దస్తావేజు ఏమనగా:

మన తండ్రి సీతారామయ్య గారు 14-03-2019న, మన తల్లి రాజ్యలక్ష్మమ్మ గారు 02-08-2022న కొలకలూరులోనే కాలం చేసినారు. ఇద్దరూ వీలునామా గానీ, దానపత్రం గానీ, సెటిల్‌మెంటు గానీ వ్రాయలేదు. వారికి మనం ముగ్గురమే సంతానం. చనిపోయిన తోబుట్టువు గానీ, అట్టివారి వారసులు గానీ లేరు. ఈ సంగతి తెనాలి తహశీల్దారు గారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం వల్ల తెలియుచున్నది. ఆ పత్రం నకలు, తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రాల నకళ్లు దీనికి జతపరచబడినవి.

ఈ దిగువ 'ఎ' షెడ్యూలు పొలం మన తండ్రి తన స్వార్జితంతో కొన్నది. తెనాలి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 1987వ సంవత్సరపు 1842 నెంబరుగా రిజిస్టరైన క్రయ దస్తావేజు అందుకు ఆధారం. 'బి' షెడ్యూలు ఇల్లు, ఖాళీ స్థలం ఆయనకు తన అన్నదమ్ములతో జరిగిన పంపకంలో వచ్చినవి. అదే కార్యాలయపు 1979వ సంవత్సరపు 906 నెంబరు భాగ పరిష్కార దస్తావేజు అందుకు ఆధారం. రెండు ఆస్తుల పుట్టుక వేరు గనుక నా వాటా లెక్క రెండింటికీ విడివిడిగా వ్రాయించుచున్నాను.

'ఎ' షెడ్యూలు స్వార్జితం. తండ్రి గతించిన నాడు హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 8 ప్రకారం తల్లికి, మన ముగ్గురికి తలా 1/4 వంతు సంక్రమించినది. తల్లి గతించిన తరువాత ఆమె 1/4 వంతు సెక్షన్ 15 ప్రకారం మన ముగ్గురికి తలా 1/12 వంతు వచ్చినది. 1/4, 1/12 కలిపి నా వాటా 1/3.

'బి' షెడ్యూలు పిత్రార్జితం. 1996లో నాకు వివాహమైనప్పటికీ, 2005వ సంవత్సరపు సవరణ తరువాతి సెక్షన్ 6 ప్రకారం కుమారులతో సమానంగా నేనూ దాయాదినే. తండ్రి గతించేనాటికి ఆయనకు, మన ముగ్గురికి తలా 1/4 వంతు. ఆయన 1/4 వంతులో తల్లితో సహా నలుగురికి తలా 1/16. తల్లికి వచ్చిన ఆ 1/16లో మనకు తలా 1/48. 1/4, 1/16, 1/48 కలిపితే 16/48, అనగా ఇక్కడ కూడా నా వాటా 1/3. ఇకమీదట ఎవరైనా ఈ ఆస్తులలో ఏది స్వార్జితం, ఏది పిత్రార్జితం అని తగవు తెచ్చినా నా వాటా మారదు, ఈ విడుదల చెడదు.

నేను గుంటూరులో స్థిరపడినందున, పొలం మూడు ముక్కలైతే బోదె నీటికి, దారికి ఇబ్బంది గనుక, నా 1/3 వాటాను మీకే విడుదల చేయుటకు పెద్దల సమక్షంలో 20-09-2025న మాట్లాడుకున్నాము. నేటి రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ ప్రకారం 'ఎ' షెడ్యూలు మొత్తం రూ.67,20,000, 'బి' షెడ్యూలు మొత్తం రూ.21,00,000. ఇందు నా 1/3 వాటా విలువ వరుసగా రూ.22,40,000, రూ.7,00,000, వెరసి రూ.29,40,000. మనం ఒప్పుకున్న ప్రతిఫలం రూ.30,00,000 (అక్షరాలా ముప్పది లక్షల రూపాయలు మాత్రమే).

ఆ ప్రతిఫలం నాకు ముట్టిన విధం: మీలో 1వ వారైన అన్నయ్య శివరామకృష్ణ 20-09-2025న తన ఖాతా నుండి నా ఖాతాకు ఆర్‌టీజీఎస్ ద్వారా పంపిన రూ.5,00,000, అన్నయ్యే ఇచ్చిన, భారతీయ స్టేట్ బ్యాంకు తెనాలి శాఖ వారి 10-11-2025 తేదీ గల 618204 నెంబరు డిమాండ్ డ్రాఫ్టు రూ.10,00,000, 2వ వారైన తమ్ముడు హరిబాబు ఇచ్చిన, అదే శాఖ వారి అదే తేదీ గల 618205 నెంబరు డిమాండ్ డ్రాఫ్టు రూ.15,00,000. డ్రాఫ్టులు రెండూ నేడు సాక్షుల ఎదుట నా చేతికి ఇచ్చినారు. నగదుగా ఒక్క రూపాయి కూడా చేతులు మారలేదు. ఈ డ్రాఫ్టులలో ఏదైనా నా ఖాతాలో జమ కాక తిరిగి వచ్చినచో, ఆ మొత్తం సాలుకు నూటికి 12 రూపాయల వడ్డీతో నాకు చెల్లవలెను. చెల్లేవరకు ఆ మొత్తం మట్టుకు షెడ్యూలు ఆస్తులపై నాకు ఛార్జి ఉండును. డ్రాఫ్టులు జమ అయినంతనే ఈ ఛార్జి దానంతట అదే తొలగిపోవును.

పై ప్రతిఫలం పుచ్చుకుని, 'ఎ', 'బి' షెడ్యూలు ఆస్తులలో నాకు గల విభజన కాని 1/3 వాటాను, అందలి సమస్త హక్కులను మీ ఇరువురికి సమానంగా, అనగా ఒక్కొక్కరికి 1/6 వంతు చొప్పున, నేడు విడుదల చేసితిని. ఇక నుండి రెండు షెడ్యూళ్లలోనూ మీ ఒక్కొక్కరి వాటా 1/2 వంతు. మీరు ఈ ఆస్తులను ఉమ్మడిగా అనుభవించుకున్నా, పంచుకున్నా, అమ్ముకున్నా నేను గానీ, నా వారసులు గానీ అడ్డు చెప్పేది లేదు. ఇది మీ వాటాలకు నా వాటాను కలుపుతూ సహ హక్కుదారులకు ఇచ్చిన విడుదలే గానీ బయటివారికి చేసిన విక్రయం కాదు.

షెడ్యూలు ఆస్తులు మొదటి నుంచి మీ స్వాధీనంలోనే ఉన్నందున విడిగా స్వాధీనం అప్పగించవలసిన పని లేదు. పొలం కౌలు డబ్బులో గత సాలు వరకు నా వంతు నాకు ముట్టినది. ఈ సాలు ఖరీఫ్ వరి పంట మీదే. అందులో నాకు వాటా లేదు.

నా వాటాను నేను ఇదివరకు ఎవరికీ అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు, అగ్రిమెంటు వ్రాసి ఇవ్వలేదు, దానిపై కోర్టు జప్తు లేదు. 05-11-2025న తీసిన ఈసీలో కూడా అట్టి లావాదేవీ ఏదీ లేదు. నా వల్ల గానీ, నా ద్వారా హక్కు చెప్పుకునేవారి వల్ల గానీ మీకు నష్టం కలిగినచో నేను సొంతంగా భర్తీ చేసుకొనగలదాన్ని. మన తండ్రి వాడుకున్న పంట రుణం బాకీ మాత్రం మీరే తీర్చినారు. ఇంకా ఏదైనా తేలితే అదీ మీదే. ఇంటి పన్ను, నీటి తీరువా, కరెంటు బిల్లులు కూడా అంతే.

నా వివాహ సమయంలో తల్లిదండ్రులు పసుపు కుంకుమల కింద ఇచ్చిన బంగారం, సామాను ఈ ప్రతిఫలంలో లెక్కించబడలేదు. వాటి పేరు చెప్పి నా వాటా ముందే ముట్టిందని మీరు గానీ, ముట్టలేదని నేను గానీ తరువాత వాదించరాదు. మన తల్లి నగలు, ఆమె పేర బ్యాంకులో ఉన్న డిపాజిట్టు ఈ దస్తావేజులోకి రావు. షెడ్యూళ్లలో లేని మరే ఆస్తి అయినా తల్లిదండ్రుల పేర బయటపడితే అందులో నా హక్కు నాకు ఉన్నది. పుట్టింటి రాకపోకలు, పెట్టుపోతలు ఈ కాగితంతో ముడిపడినవి కావు.

ప్రతిఫలం ముట్టిన తరువాత ఈ విడుదలను ఏకపక్షంగా రద్దు చేసే దస్తావేజు నేను వ్రాయించను. మార్కెట్ ధర పెరిగిందని, అప్పటి విలువ నాకు తెలియదని అభ్యంతరం చెప్పను. నా భర్త సత్యనారాయణ గారు దీనిపై చేసిన సంతకం సాక్షి సంతకం మాత్రమే. ఈ వాటా నా సొంతం గనుక ఇందులో ఆయనకు గానీ, మా పిల్లలకు గానీ ఈ నాటికి హక్కు లేదు. వారి అనుమతి కూడా అవసరం లేదు.

మీ పేర్లతో మ్యుటేషన్ చేయించుకుని, 1బి, అడంగల్, పట్టాదారు పాసుపుస్తకాలలోనూ, పంచాయతీ ఇంటి పన్ను రికార్డులోనూ, విద్యుత్తు సర్వీసులోనూ మార్చుకొనవచ్చును. అందుకు నా సంతకం, వాంగ్మూలం కావలసి వస్తే ఖర్చు లేకుండా ఇవ్వగలను. రూ.100 స్టాంపు కాగితం గాక మిగతా స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము మీరే చలానా ద్వారా చెల్లించినారు. నాకు వచ్చిన ప్రతిఫలంపై ఆదాయపు పన్ను పడితే అది నా బాధ్యత. 1987, 1979 నాటి మూల దస్తావేజులు అన్నయ్య వద్ద ఉండవలెను. తమ్ముడికి అవసరమైనప్పుడు చూపవలెను.

'ఎ' షెడ్యూలు

గుంటూరు జిల్లా, తెనాలి సబ్ రిజిస్ట్రారు కార్యాలయ పరిధి, తెనాలి మండలం, కొలకలూరు గ్రామ పంచాయతీ ఏరియా, డి.నెం. 214/3బిలో మాగాణి ఎ.2-40 సెంట్లు, అనగా 0.971 హెక్టార్లు. దీనికి హద్దులు:
తూర్పు: పంట బోదె
దక్షిణం: మన చిన్నాన్న గారి వారసుల మాగాణి
పడమర: డి.నెం. 214/3ఎ మాగాణి
ఉత్తరం: గ్రామ డొంక
ఈ మధ్య గల మాగాణి, బోదె నీటి హక్కు, డొంక మీదుగా బండి నడక హక్కుతో సహా, ఇందు 1/3 వంతు విడుదల.

'బి' షెడ్యూలు

అదే గ్రామంలో 3-47 నెంబరు డాబా ఇల్లు, ఖాళీ స్థలం. తూర్పు పడమరలు 54 అడుగులు, ఉత్తర దక్షిణాలు 52 అడుగులు, వెరసి 312 చదరపు గజాలు, అనగా 260.87 చదరపు మీటర్లు. హద్దులు:
తూర్పు: పంచాయతీ రోడ్డు
దక్షిణం: ఉమ్మడి గోడ, ఆవల పొరుగువారి ఇల్లు
పడమర: పొరుగువారి దొడ్డి
ఉత్తరం: 6 అడుగుల ఉమ్మడి సందు
ఈ మధ్య గల కట్టడం, బావి, కరెంటు సర్వీసు, సందు నడక హక్కుతో సహా, ఇందు 1/3 వంతు విడుదల.

దిద్దుబాటు: 2వ పేజీలో '1/4 వాటాను' అని పడిన చోట '1/4' కొట్టివేసి '1/3' అని వ్రాసి, పక్కన నేను పొట్టి సంతకం చేసితిని. వేరే కొట్టివేతలు, చేర్పులు లేవు.

ఇందలి సంగతులు దస్తావేజు లేఖరి నాకు చదివి వినిపించగా, వాటాల లెక్కతో సహా అర్థం చేసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రతి పేజీపై సంతకం చేసి, ఫోటో అంటించి, వేలిముద్రలు వేసితిని.

హక్కు విడుదల చేసినవారు:
(సంతకం) కోనేరు విజయలక్ష్మి

హక్కు విడుదల పొంది, పై షరతులకు సమ్మతించినవారు:
(సంతకం) వేములపల్లి శివరామకృష్ణ
(సంతకం) వేములపల్లి హరిబాబు

సాక్షులు (విజయలక్ష్మి గారు సంతకం చేయగా చూసి, వారి సమక్షంలో మేము సంతకం చేసితిమి, డ్రాఫ్టులు రెండూ మా ఎదుటనే ఇచ్చినారు):
1. (సంతకం) కోనేరు సత్యనారాయణ, వయస్సు 58, విశ్రాంత ఉపాధ్యాయులు, బ్రాడీపేట, గుంటూరు
2. (సంతకం) గరికపాటి రాఘవయ్య, వయస్సు 63, వ్యవసాయం, కొలకలూరు

దీనిని వ్రాసినవారు: (సంతకం) మద్దుల పూర్ణచంద్రరావు, దస్తావేజు లేఖరి, తెనాలి