పారిశుద్ధ్యం, పిల్లల పోషణపై సామాజిక ఆరోగ్య అంచనా: కర్నూలు శివారు కాలనీలో పన్నెండు వారాల పని ప్రణాళిక

(నర్సింగ్ కళాశాల సామాజిక ఆరోగ్య విభాగం తరఫున కళాశాల నైతిక సమీక్షా కమిటీకి సమర్పిస్తున్నది)

ఎందుకు ఈ అంచనా

కర్నూలు నగరం నుంచి కల్లూరు వైపు, హంద్రీ ఒడ్డుకు దగ్గరగా పెరిగిన ఈ కాలనీలో సుమారు 620 ఇళ్లున్నాయి. సగం మందికి సొంత ఇళ్లు, మిగిలినవారు అద్దెకుంటున్నవారు. పశ్చిమ మండలాల నుంచి బేల్దారి పనికి, ఇటుక బట్టీలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. బిడ్డ బరువు వివరాలు అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంటాయి, కాలువలు, మరుగుదొడ్ల వివరాలు నగరపాలక పారిశుద్ధ్య సిబ్బంది దగ్గర ఉంటాయి. ఒకే ఇంటికి సంబంధించిన ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూసినవారు మాకు తెలిసి ఇక్కడ లేరు. ఆ పని చేయడమే ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగడం లేదు. తిండి చాలకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. మలంతో కలుషితమైన నేల మీద పాకి, ఆ చేతులనే నోట్లో పెట్టుకునే బిడ్డకు మాటిమాటికీ విరేచనాలు పట్టుకుంటాయి. పైకి విరేచనాలు కనబడకపోయినా పేగు లోపొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. అందువల్ల గుడ్డు, బాలామృతం ఇంటికి చేరుతున్నా ఎదుగుదల కనిపించని పిల్లల విషయంలో వారి ఇంటి ముందున్న కాలువను కూడా చూడవలసి ఉంటుంది.

ముందస్తు సందర్శనలో ఒక ఇంట్లో గమనించినది ఇక్కడ చెప్పాలి. మరుగుదొడ్డి ఉంది, తలుపుకు తాళం కూడా ఉంది. దాని గొట్టం మాత్రం గుంతలోకి కాక నేరుగా సైడు కాలువలోకి తెరుచుకుంది. ఏడాదిన్నర పాప ఆ కాలువ బండ మీదే కూర్చుని బొరుగులు తింటోంది, కోళ్లు చుట్టూ తిరుగుతున్నాయి. తల్లి ఇంట్లోకి వెళ్లి, బిందెలో వేళ్లు మునిగేలా చెంబు ముంచి పాపకు నీళ్లు తెచ్చింది. ‘మరుగుదొడ్డి ఉందా?’ అని మాత్రమే అడిగే ప్రశ్నావళిలో ఈ ఇల్లు మంచి ఇల్లుగానే నమోదయ్యేది.

ఎవరిని లెక్కించాలి

అంగన్‌వాడీ జాబితాలో ఐదేళ్లలోపు పిల్లలు 214 మంది ఉన్నారు. నమూనా తీయడం సులువే. రాష్ట్ర శాతాన్ని ఆధారంగా తీసుకుని, ఏడు శాతం పొరపాటును అనుమతిస్తే 168 మంది సరిపోతారు. అయినా నమూనా వద్దని, కాలనీలోని పిల్లలందరినీ కొలవాలని నిర్ణయించాము. రిజిస్టరుకు ఎక్కని పిల్లలే, అంటే నిన్నమొన్న అద్దెకు దిగినవారి పిల్లలే ఎక్కువ ప్రమాదంలో ఉంటారని మా అనుభవం చెబుతోంది. జాబితా నుంచి నమూనా తీస్తే వారు మొదట్లోనే తప్పిపోతారు. అందుకే మొదటి వారం పూర్తిగా ఇంటింటి జాబితాకే కేటాయించాము. నాలుగు జంటలుగా ఎనిమిది మంది విద్యార్థినులు రోజుకు జంటకు 26 ఇళ్ల చొప్పున ఆరు రోజుల్లో దీన్ని ముగిస్తారు. మొత్తం 240 మంది దాకా పిల్లలు తేలుతారని అంచనా.

పని జూలై మొదటి వారంలో మొదలై సెప్టెంబరు చివరికి ముగియాలి. వాన నీరు కాలువల్లో నిలిచి విరేచనాలు పెరిగే కాలం ఇదే. దసరా దాటితే పలు కుటుంబాలు సుగ్గికి వలస వెళ్లిపోతాయి, ఇళ్లకు తాళాలు పడతాయి.

ఏమి కొలవాలి, ఎలా

రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి పొడవు, ఆ పైవారిని నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. ప్రతి కొలతా రెండుసార్లు తీసుకుంటారు, రెండింటి మధ్య తేడా అర సెంటీమీటరు దాటితే మూడోసారి కొలుస్తారు. బరువు, ఆరు నెలలు నిండిన పిల్లలకు భుజం మధ్య చుట్టుకొలత, రెండు పాదాల వాపు కూడా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ఎదుగుదల ప్రమాణాలతో పోల్చి లెక్క కడతాము.

ఎత్తు ఎంత జాగ్రత్తగా కొలిచినా వయసు తప్పితే లెక్కంతా తప్పుతుంది. తల్లీబిడ్డ కార్డు లేని ఇళ్లలో పండుగల క్యాలెండరు వాడతాము: ఉగాదికి ముందా తర్వాతా, దసరాకు చంకలో బిడ్డా, కూర్చునే బిడ్డా అని అడుగుతాము. పీర్ల పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక దాన్ని ఏ సంవత్సరానిదో నిర్ధారించుకున్నాకే వాడాలి.

పారిశుద్ధ్యంలో అడిగేదానికన్నా చూసేదానికి ఎక్కువ విలువ ఇస్తాము. చేతులు సబ్బుతో కడుగుతారా అని అడిగితే అందరూ అవుననే అంటారు. కాబట్టి సబ్బు, నీళ్లు ఒకచోట ఉన్నాయో లేదో చూసి రాస్తారు. పసిబిడ్డ చివరిసారి దొడ్డికి కూర్చున్నప్పుడు దాన్ని ఎక్కడ పారేశారన్న ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే పసిపిల్లల మలానికి దోషం లేదన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. పిల్లలున్న ఇళ్లలో ప్రతి ఆరో ఇంట్లో కుళాయి నీటిని, తాగే బిందెలోని నీటిని వేర్వేరు హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాల్లో పరీక్షిస్తాము. సీసా నల్లబడితే మల కాలుష్యం ఉందని అర్థం. కుళాయి సీసా తెల్లగా ఉండి బిందె సీసా నల్లబడిన ఇంటికి కావలసింది మూత, గరిటె. రెండూ నల్లబడితే పైపులైనును చూడాలి.

ఆరు నుంచి 23 నెలల పిల్లలకు నిన్న పగలూ రాత్రీ ఏమేమి పెట్టారో తల్లి మాటల్లోనే రాసుకుని, తల్లిపాలతో కలిపి ఎనిమిది ఆహార వర్గాల్లో కనీసం ఐదు ఉన్నాయేమో తర్వాత లెక్కిస్తాము. రాగి సంగటి, పప్పు, జొన్నరొట్టె, పాలు, గుడ్డు, ఆకుకూరలతో పాటు దుకాణపు ప్యాకెట్లను కూడా విడిగా నమోదు చేయాలి. గత రెండు వారాల్లో విరేచనాలు పట్టాయా, ఓఆర్‌ఎస్, 14 రోజుల జింకు ఇచ్చారా అన్నదీ అడుగుతాము. రక్తపరీక్ష ఆలోచన మానుకున్నాము. వేలు గుచ్చుతారన్న మాట వీధిలో పాకితే మిగిలిన తలుపులు తెరుచుకోవు.

తల్లులు ఎనిమిదికల్లా పనికి వెళ్లిపోతారు కనుక ఉదయం ఆరున్నర నుంచి, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే వెళ్లాలి. కుళాయి వచ్చే వేళ ఎవరినీ కదిలించరాదు. ప్రశ్నావళి తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంటుంది. సమ్మతి పత్రాన్ని చదివి వినిపించి సంతకమో, సాక్షి ఎదుట వేలిముద్రో తీసుకుంటారు. పేర్లకు బదులు అంకెలు వాడి, పేర్ల జాబితాను విడిగా తాళంలో ఉంచుతాము.

ఖర్చు

కొలత పరికరాలు కళాశాలవే. 80 నీటి సీసాలకు రూ.3,200, ముద్రణకు రూ.2,500, విద్యార్థినుల ఇరవై రోజుల ప్రయాణానికి రూ.6,400, దారి చూపే ఇద్దరు స్థానిక మహిళలకు 18 రోజులకు రూ.10,800, ఇతరాలకు రూ.2,000, మొత్తం రూ.24,900. స్థానిక మహిళల భత్యాన్ని మాత్రం తగ్గించవద్దని కోరుతున్నాము. వారు పక్కన లేకుంటే కొత్తగా వచ్చినవారు మాతో మాట్లాడరు.

దొరికిన బిడ్డకు, కాలనీకి తిరిగి ఇచ్చేది

భుజం చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లలోపు ఉన్నా, రెండు పాదాలూ వాచినా ఆ బిడ్డ విషయాన్ని అదే రోజు ఏఎన్ఎంకు తెలియజేస్తాము. జ్వరం, వాంతులు, ఆకలి లేకపోవడం ఉంటే తల్లితో పాటు విద్యార్థిని కూడా పోషకాహార పునరావాస కేంద్రానికి వెళ్లాలి, చీటీ రాసిచ్చి పంపడంతో సరిపెట్టరాదు. ఇది ఒకసారి చూసిన చిత్రమే కాబట్టి, కాలువ వల్లనే బిడ్డ ఎదగలేదని నివేదికలో రాయబోము, రెండూ ఎన్ని ఇళ్లలో కలిసి కనిపించాయో మాత్రమే రాస్తాము.

పదో వారంలో అంగన్‌వాడీ ఆవరణలో సాయంత్రం సభ పెట్టి, నల్లబడిన సీసాలను ఏ ఇంటివో చెప్పకుండా చూపిస్తాము. గొట్టాలు కాలువలోకి తెరుచుకున్న వీధుల పటాన్ని అదే వారం నగరపాలక పారిశుద్ధ్య విభాగానికి అందజేస్తాము. కొత్తగా తేలిన పిల్లల పేర్లను, తల్లుల అంగీకారంతో, అంగన్‌వాడీ కార్యకర్తకు ఇస్తాము. తీవ్ర లోపం ఉన్న ప్రతి బిడ్డనూ మొదట కొలిచిన జంటే ఆరు వారాలకు మళ్లీ వెళ్లి కొలుస్తుంది. కుటుంబం ఇల్లు మారి ఉంటే ఎక్కడికి వెళ్లిందో కనుక్కుని అక్కడి ఆశా కార్యకర్తకు ఫోనులో అప్పగిస్తుంది.