ముగింపు: ఐరన్–ఫినాంత్రోలిన్ సంక్లిష్టపు మోలార్ శోషణ గుణకం, అధిక గాఢతల వద్ద విచలనం

510 నానోమీటర్ల వద్ద, 1.00 సెం.మీ. కువెట్‌లో, [Fe(phen)₃]²⁺ సంక్లిష్టానికి మాకు వచ్చిన మోలార్ శోషణ గుణకం ε = (1.090 ± 0.003) × 10⁴ L mol⁻¹ cm⁻¹. ఆ ± అనేది గాఢతకు ఎదురుగా శోషణం గీసిన గీత వాలుకున్న ప్రామాణిక దోషం మాత్రమే. పిపెట్లు, ఫ్లాస్కుల దోషాన్ని అందులో కలపలేదు. పాఠ్యపుస్తకాల్లో ఉండే విలువ 1.11 × 10⁴. మాది 1.8 శాతం తక్కువ.

ఈ వాలును 1.0 × 10⁻⁵ M నుంచి 8.0 × 10⁻⁵ M వరకున్న అయిదు బిందువులతోనే గీశాం (శోషణం 0.112 నుంచి 0.874). అంతరఖండం 0.003, దాని దోషంతో పోలిస్తే సున్నా అనుకోవచ్చు. మొత్తం ఎనిమిది బిందువులూ కలిపి గీస్తే ε 1.03 × 10⁴కి పడిపోతుంది, అంతరఖండం 0.03కి దగ్గరవుతుంది. అయినా R² 0.9991 వస్తుంది! ఆ అంకె చూసి మొదట మేమూ తృప్తిపడ్డాం. శేషాలను విడిగా గీసి చూశాకే అవి వరుసగా ఒక విల్లులా వంగి ఉన్నాయని తెలిసింది. ఈ ప్రయోగంలో R² ఒక్కదాన్నే నమ్మకూడదని మా గట్టి అభిప్రాయం.

వంపు ఎంతంటే: 12.0 × 10⁻⁵ M వద్ద రావలసింది 1.312, వచ్చింది 1.294. 16.0 × 10⁻⁵ వద్ద 1.748కి బదులు 1.699. 20.0 × 10⁻⁵ వద్ద 2.184కి బదులు 2.062, అంటే 5.6 శాతం లోటు.

దీనికి అందరూ మొదట చెప్పే కారణం, గాఢ ద్రావణంలో అణువులు దగ్గరపడి ఒకదానినొకటి ప్రభావితం చేయడం, వక్రీభవన గుణకం మారడం. అవి 0.01 M దాటాక పట్టించుకోవలసినవి. మా అత్యధిక గాఢత దానికి యాభయ్యో వంతు, కాబట్టి ఆ కారణాన్ని పక్కన పెట్టాం. ఇక మిగిలినవి రెండు: ఫ్లాస్కులో సంక్లిష్టం పూర్తిగా ఏర్పడకపోవడం, లేదా పరికరం దాన్ని సరిగ్గా చూడలేకపోవడం.

మొదటిది మాకు నిజంగానే ఎదురైంది. మొదటి రోజు ప్రతి 100 మి.లీ. ఫ్లాస్కులో 0.1 శాతం ఫినాంత్రోలిన్ 10 మి.లీ. వేశాం. అది సుమారు 5.0 × 10⁻⁴ M. ఒక్కో ఐరన్ అయానుకు మూడు లైగాండ్లు కావాలి, అంటే చివరి ఫ్లాస్కుకు 6.0 × 10⁻⁴ M. లైగాండే చాలలేదు! ఆ రోజు చివరి రీడింగు 1.77 దగ్గరే ఆగింది. రెండో రోజు 20 మి.లీ. వేసి అన్ని ద్రావణాలనూ మళ్లీ తయారుచేశాం. పైన ఇచ్చిన అంకెలన్నీ రెండో రోజువే.

అప్పటికీ వంపు పోలేదు. అందుకని చివరి ద్రావణం 5 మి.లీ. తీసుకుని 25 మి.లీ.కి పలుచన చేశాం. 0.437 వచ్చింది, నేరుగా తయారుచేసిన 4.0 × 10⁻⁵ M ద్రావణానికి 0.439. అంటే రంగునిచ్చే సంక్లిష్టం మొత్తం ఫ్లాస్కులో ఉంది, తప్పు కొలతలో ఉంది. మొదటి రోజు ద్రావణాన్ని ఇలాగే పలుచన చేస్తే 0.37 మాత్రమే వచ్చింది; అక్కడ లోపం రసాయనానిది. పైకి ఒకేలా కనిపించిన రెండు వంపులను విడదీసిన ఈ పరీక్షే మొత్తం ప్రయోగంలో మాకు విలువైనదిగా అనిపించింది.

పరికరంలో అనుమానం చెదురు కాంతి మీదికి వెళ్తుంది. శోషణం 2.184 అంటే డిటెక్టర్‌కు చేరవలసిన కాంతి 0.65 శాతమే. దానికి మరో తరంగదైర్ఘ్యపు కాంతి కొద్దిగా తోడైనా శోషణం తగ్గిపోతుంది.

A = −log[(T + s)/(1 + s)]

ఈ సూత్రంలో T ద్రావణం నిజంగా పోనిచ్చే కాంతి భిన్నం, s చెదురు కాంతి భిన్నం. s విలువను పై మూడు బిందువుల నుంచి వేరువేరుగా లెక్కిస్తే 0.0021, 0.0022, 0.0021 వచ్చాయి. మూడు గాఢతలకూ ఒకే s సరిపోవడం యాదృచ్ఛికం కాదనుకుంటున్నాం. స్లిట్ వెడల్పు ప్రభావం తక్కువే అయి ఉండాలి; 510 వద్ద శిఖరం వెడల్పైనది.

1.8 శాతం తేడాలో కొంత కూడా ఇక్కడిదే. ఇదే s, 0.874 వరకున్న బిందువుల వాలును కూడా 0.7 శాతం దాకా తగ్గిస్తుంది. ఇంకొంత హైదరాబాద్ ఏప్రిల్ ఎండది: స్టాక్ ద్రావణాన్ని ఉదయం 27 డిగ్రీల దగ్గర తయారుచేసి, మధ్యాహ్నం ఏసీ లేని ల్యాబ్‌లో 36 డిగ్రీల వద్ద పిపెట్‌తో తీశాం. నీటి వ్యాకోచం వల్ల ప్రతి పిపెట్‌లో ఐరన్ 0.3 శాతం తగ్గింది. మిగిలిన 0.8 శాతం మోర్ లవణం శుద్ధత, తూకాల నుంచి వచ్చి ఉండవచ్చు. దాన్ని విడిగా పరీక్షించలేదు.

కాబట్టి ఈ స్పెక్ట్రోఫోటోమీటర్‌పై, ఈ సంక్లిష్టానికి, మా క్రమాంకన రేఖ 8.0 × 10⁻⁵ M వరకే చెల్లుతుంది. శోషణం 0.9 దాటిన తెలియని నమూనాను రేఖ పొడిగించి చదవకుండా, పలుచన చేసి మళ్లీ కొలిచాం.