4వ వీధి వారికి: మూడు రాత్రుల షూటింగ్, శబ్దం, పార్కింగ్ గురించి

4వ వీధి వారందరికీ నమస్కారం.

వచ్చే గురు, శుక్ర, శనివారాల్లో మీ వీధిలోని 18వ నంబరు ఇంట్లోనూ, ఆ ఇంటి ముందు రోడ్డు మీదా మా సినిమా షూటింగ్ జరుగుతుంది. మూడూ రాత్రి సీన్లే. సాయంత్రం 6కి లైట్లు కట్టడం మొదలుపెడతాం. తెల్లవారుజామున 4:30కి చివరి షాట్, 6 కల్లా సామాను ఎక్కించి వెళ్లిపోతాం. "ఇంకో గంట" అని సాగదీస్తామేమోనని అనుమానం వద్దు. ఆకాశం తెల్లబడితే రాత్రి సీన్ తీయలేం, అంతకు ముందే పిట్టలు కూయడం మొదలైతే మా సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేస్తాడు.

మీ నిద్రకు ఏ ఇబ్బందీ ఉండదని రాయడం తేలికే. మొదటి రాత్రికే అది అబద్ధమని మీకు తెలిసిపోతుంది. అందుకే ఏ శబ్దం ఎప్పుడు వస్తుందో ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

6 నుంచి 9 వరకు ఇనప స్టాండ్లు దించడం, కేబుళ్లు లాగడం, ఒకరినొకరు కేకేసుకోవడం ఉంటాయి. అసలు గోల అదే. షూటింగ్ మొదలయ్యాక వీధి నిజంగానే నెమ్మదిస్తుంది. మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తున్నాం కాబట్టి మాకు మీకంటే ఎక్కువగా నిశ్శబ్దం కావాలి. రాత్రి 10 తర్వాత మైకు వాడం, యూనిట్ అంతా వాకీటాకీలకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది.

జనరేటర్ వ్యాన్ వీధి చివర ఖాళీ స్థలంలో, గోడకు అవతల ఉంటుంది. శబ్దం తక్కువ చేసే రకమే తెప్పిస్తున్నాం, అయినా 31, 32 నంబర్ల వాళ్లకు రాత్రంతా సన్నగా హోరు వినపడుతుంది. ఆ రెండిళ్లకూ నేనే వచ్చి మాట్లాడతాను. లైటు వెలుగు మీ పడకగదిలో పడుతుంటే చెప్పండి, అడ్డంగా నల్లగుడ్డ కట్టిస్తాం.

ముఖ్యంగా శుక్రవారం. ఆ రాత్రి 9:30 నుంచి 10:30 లోపు ఒకావిడ "కాపాడండి" అని అరుస్తూ గేటు తీసుకుని రోడ్డు మీదికి పరుగెత్తుకొస్తుంది. ఆవిడ మా నటి. ఐదారు టేకులు పట్టొచ్చు, అన్నిసార్లూ అదే అరుపు. ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ ముందే చెప్పి ఉంచండి, కంగారు పడతారు. పోలీసులకు కూడా సమాచారం ఇచ్చాం. శనివారం సీనులో కొంచెం పొగ వాడతాం. ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ముందుగా చెప్పండి, గాలి మీ ఇంటి వైపు ఉంటే ఆ షాట్ వాయిదా వేస్తాం.

ఇక పార్కింగ్. గురువారం సాయంత్రం 4 నుంచి ఆదివారం ఉదయం 7 వరకు, 12 నుంచి 24 నంబరు దాకా వీధికి ఎడమ పక్కన కార్లు ఆపకుండా ఉంటే మాకు సాయం చేసినట్టే. బదులుగా పార్కు వెనక స్థలంలో 20 కార్లకు చోటు తీసుకున్నాం, రాత్రంతా వాచ్‌మన్ ఉంటాడు. సామాను మోయాల్సినవాళ్లూ, నడవలేనివాళ్లూ ఇంటి ముందు దిగాకే కారు పంపండి, మా డ్రైవరు అక్కడ పెట్టి తాళాలు మీకు తెచ్చిస్తాడు. మా బస్సు, కారవాన్లు మెయిన్ రోడ్డు మీదే ఆగుతాయి. వీధిలోకి కెమెరా వ్యాన్, లైట్ల వ్యాన్ మాత్రమే వస్తాయి.

మీ గేటు ముందు ఏ బండీ ఆగదు. ఈ మాట ఊరికే అనడం లేదు. కొన్నేళ్ల కిందట ఇంకో వీధిలో రాత్రి 2 గంటలకు ఒక పెద్దాయనను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. మా లైట్ల వ్యాన్ ఆ ఇంటి గేటుకు అడ్డంగా ఉంది, డ్రైవరు తాళాలు జేబులో పెట్టుకుని ఎక్కడో నిద్రపోతున్నాడు. అతన్ని వెతకడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పెద్దాయన కోలుకున్నారు గానీ, గేటు దగ్గర చెప్పుల్లేకుండా నిలబడి మమ్మల్ని చూసిన వాళ్లబ్బాయి ముఖం నేను మర్చిపోలేదు. అప్పటి నుంచి వీధిలోకి వచ్చే ప్రతి బండిలోనూ డ్రైవరు మెలకువగా కూర్చునే ఉంటాడు.

టేక్ జరుగుతున్నప్పుడు మా కుర్రాళ్లు మిమ్మల్ని రెండు మూడు నిమిషాలు ఆగమని అడుగుతారు. అడగడమే, మీరు ఆగి తీరాలని కాదు. అత్యవసరమని ఒక్క మాట అనండి, షాట్ మధ్యలోనైనా కట్ చెప్పి దారి ఇస్తాం.

పిల్లలు చూస్తామంటే 10 వరకు తాడు అవతల నిలబడొచ్చు. ఫోన్లో ఫొటోలు, వీడియోలు మాత్రం తీయొద్దని నా మనవి.

మూడు రాత్రులూ 18వ నంబరు గేటు పక్కన టేబుల్ దగ్గర నేనే ఉంటాను. అనుమతి పత్రాల కాపీలు అక్కడే చూడొచ్చు. ఈ ఉత్తరానికి పిన్ చేసిన కార్డు మీద నా ఫోన్ నంబరు ఉంది. పరీక్షలకు చదివే పిల్లలు, పసిపిల్లలు, ఒంట్లో బాగోలేనివాళ్లు ఉన్న ఇళ్లవారు బుధవారం లోపు ఫోన్ చేస్తే, ఏ షాట్ ముందు, ఏది తర్వాత అన్నది ఇంకా మార్చగలను. ఏ షాట్ ఎప్పుడో రాసి యూనిట్‌కు పంపే గురువారం కాల్‌షీటు వెళ్లిపోయాక అది నా చేతిలో ఉండదు.

ఇట్లు,
ప్రొడక్షన్ మేనేజర్