ఏరు ఒక గట్టు కోస్తుంది, ఇంకో గట్టు పోస్తుంది

తొమ్మిదో తరగతి పిల్లలకు,

ఆదివారం పొద్దున మనం తిరుచానూరు వైపు స్వర్ణముఖి ఏటికి పోతున్నాం. "ఏట్లో నీళ్లే లేవు కదా సార్, ఏం చూస్తాం?" అని నిన్న వెనక బెంచీ నుంచి ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. నీళ్లు లేనప్పుడే ఏరు చేసిన పని బాగా కనబడుతుంది. స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారదు. ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడినప్పుడే రెండు గట్లనూ ఒరుసుకుంటూ వస్తుంది. మిగతా నెలల్లో చాలావరకు ఇసుకే.

పోయే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: నీటి వేగం. వేగంగా పారే నీరు నేలను కోసి మోసుకుపోతుంది. వేగం తగ్గితే మోస్తున్నదాన్ని దించేస్తుంది. ముందు గులకరాళ్లు, తర్వాత ఇసుక, అన్నిటికన్నా ఆఖర్న మెత్తటి ఒండ్రు. కొండల్లో వాలు ఎక్కువ కాబట్టి వాగులు అడుగును లోతుగా కోసి, ఇరుకైన లోయలు చేస్తాయి. మైదానంలోకి దిగాక వాలు తగ్గుతుంది. అప్పుడు నది కిందికి కోయడం కన్నా పక్కలకు కోయడం ఎక్కువ చేస్తుంది. మెలికలు అక్కడే మొదలవుతాయి.

మెలిక దగ్గర మనం చాలాసేపు ఆగుదాం. వంపు బయటి గట్టు నిటారుగా, కత్తితో కోసినట్టు ఉంటుంది. చెట్ల వేళ్లు మట్టిలోంచి బయటికి వేలాడుతుంటాయి. ఎదురుగా లోపలి గట్టు అలా కాదు, ఇసుక మెల్లగా వాలుతూ దిగుతుంది. ఎందుకంటే వంపు తిరిగేటప్పుడు నీరు బయటి వైపుకు తోసుకుపోతుంది. బస్సు మలుపు తిరిగితే మీరు పక్కవాడి మీదికి ఒరిగినట్టే. ఆ వేగానికి బయటి గట్టు అడుగున కోసుకుపోయి, పైమట్టి విరిగి పడుతుంది. లోపలి వైపు నీరు నిదానం, అందుకే ఇసుక అక్కడ చేరుతుంది. ఇలా ఏటా వంపు పెద్దదవుతుంది. కొన్ని చోట్ల రెండు వంపుల మధ్య నేల సన్నటి మెడలా మిగులుతుంది. పెద్ద వరదొచ్చిన రోజు నది ఆ మెడను తెంచుకుని నేరుగా పోతుంది. విడిచిపెట్టిన పాత వంపు గుర్రపు నాడా ఆకారంలో చెరువులా నిలిచిపోతుంది. దాన్నే ఆక్స్‌బో సరస్సు అంటారు. మెలికకు మియాండర్ అన్న పేరు టర్కీలో వంకరటింకరగా పారే ఒక నది పేరు నుంచి వచ్చింది.

వరద గట్టు దాటితే నీరు పొలాల మీద పలచగా పరుచుకుంటుంది. వేగం ఒక్కసారిగా పడిపోతుంది. బరువైన ఇసుక గట్టు పక్కనే పడి సహజ కరకట్ట అవుతుంది, ఒండ్రు దూరం దాకా పోయి పొలాల్లో దిగుతుంది. ఇలా తరతరాలుగా పొర మీద పొర చేరి ఏర్పడిందే వరద మైదానం. నది ఏడాదంతా అక్కడికి రాకపోవచ్చు, కానీ ఆ నేల నది పెట్టిందే. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుచానూరు దగ్గర ఒక ఇల్లు ఏట్లోకి ఒరిగి కూలిపోయిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. గట్టు కింద మట్టి ముందు కోసుకుపోతుంది. పైనున్నవాళ్లకు అది కనబడదు.

ఇక డెల్టా. దీనికి మన ఏరు చాలదు, గోదావరి దగ్గరికి పోవాలి. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు మోసుకొచ్చిన ఒండ్రును అది సముద్రం దగ్గర దించుతుంది. అక్కడ వాలు దాదాపు ఉండదు. దించిన మట్టే దారికి అడ్డమైతే నీరు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠగా చీలిన గోదావరి మధ్యలో పోసిన నేలే కోనసీమ. కృష్ణ కూడా అలాగే పులిగడ్డ దగ్గర చీలి దివిసీమను కట్టింది. గ్రీకు అక్షరం Δ ఆకారంలో ఉంటుందని డెల్టా అన్నారు. ఎగువన డ్యాములు ఒండ్రును ఆపేస్తే డెల్టాకు కొత్త మట్టి తగ్గుతుంది, అలలు మాత్రం తీరాన్ని కోస్తూనే ఉంటాయి. అందుకే డెల్టా ఒకసారి కట్టేసి వదిలేసిన నేల కాదు.

ఆదివారం ఆరున్నరకల్లా స్కూల్ గేటు దగ్గర ఉండండి. నోటుబుక్కు, స్కేలు, నీళ్ల బాటిల్ చాలు. నిటారు గట్టు అంచున గానీ, దాని కింద గానీ ఎవరూ నిలబడకూడదు. లోపలి గట్టు ఇసుకలో మోకాలి లోతు చెలమ తవ్వుదాం. దాని గోడ చూడండి: గరుకు ఇసుక, దాని మీద వేలి మందం బురద, మళ్లీ గరుకు ఇసుక. గరుకు ఇసుక పడినప్పుడు నీరు వేగంగా ఉంది, బురద పడినప్పుడు నిదానించింది. ఎన్ని పొరలున్నాయో ఎవరికి వాళ్లు లెక్కపెట్టి, స్కేలుతో మందం కొలిచి బొమ్మ గీయండి.