మా ల్యాబ్ నుంచి మీ రిపోర్టులు బయటికి పోయాయి

జూన్ 3 నుంచి 9 దాకా మా బ్యాకప్ ఫోల్డర్ ఒకటి పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉంది. సర్వర్ మార్చేటప్పుడు సెట్టింగ్‌ను పబ్లిక్‌గా వదిలేసింది మేమే. క్షమించండి.

అందులో 11,240 మంది పేర్లు, ఫోన్ నంబర్లు, రక్తపరీక్ష రిపోర్టులు ఉన్నాయి. కొన్ని ఫైళ్లను బయటివాళ్లు డౌన్‌లోడ్ చేసుకున్నట్టు లాగ్‌లలో కనిపించింది. వాటిని వెనక్కి తేలేం. ఆధార్, కార్డు వివరాలు ఆ ఫోల్డర్‌లో లేవు.

9న రాత్రి 8:40కి ఫోల్డర్ మూసేసి, యాక్సెస్ కీలన్నీ మార్చి, ఆరు గంటల్లోపే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలిపాం. వివరాలు బయటపడిన ప్రతి ఒక్కరికీ రేపు సాయంత్రంలోగా ఎస్సెమ్మెస్ పంపుతాం. అందులో లింకు ఉండదు. లింకుతో వస్తే అది మాది కాదు.

మీ షుగర్ రీడింగ్ సరిగ్గా చెప్పి, ఇన్సూరెన్స్ పేరుతో ఎవరైనా ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.