కొత్త అపార్ట్‌మెంట్ల లాంచింగ్ రోజు చెప్పిన మాటలు

నమస్కారమండీ, పిల్లల్ని కూడా తీసుకుని వచ్చారు, చాలా థ్యాంక్స్. ముందు లొకేషన్, మెయిన్ రోడ్డు నుంచి రెండు నిమిషాల నడక, స్కూలు, హాస్పిటల్ దగ్గర్లోనే, ఫ్లాట్లు కాస్త లోపలికి కట్టాం కాబట్టి హారన్ల గోల ఉండదు. జిమ్, పిల్లల పార్కు, లిఫ్టులకి పవర్ బ్యాకప్ ఉన్నాయి. ఇక పేమెంట్, ఇది జాగ్రత్తగా వినండి, బుకింగ్‌కి 10 శాతం, అగ్రిమెంట్‌కి 10, తర్వాత 70 శాతం స్లాబులు పడేకొద్దీ విడతలుగా, చివరి 10 తాళాలు చేతికిచ్చేటప్పుడే, అంటే పని ఆగితే మీరు కట్టేదీ ఆగుతుంది, కొనేవాళ్లకి ఇదే సేఫ్ అని నేను గట్టిగా నమ్ముతానండీ. రేటు లెక్కేసేటప్పుడు గోడలు, మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఒక్కటే చూడకండి, కార్పెట్ ఏరియా చూడండి, మీరు కాలు పెట్టి తిరిగేది అందులోనే, బ్రోచర్‌లో రెండూ వేశాం. పదండి, మోడల్ ఫ్లాట్ చూపిస్తా.